పేరు పక్కన ఏడాది: సిర్కా, ఫ్లోరూయిట్ తదితర గుర్తులు

జీవిత చరిత్ర కోశాల్లో మనిషి పేరు పక్కన కుండలీకరణాల్లో రెండు ఏడాదులు వేస్తారు. గిడుగు వెంకట రామమూర్తి పేరు పక్కన 1863–1940 అని ఉంటుంది. మొదటిది పుట్టిన ఏడాది, రెండోది పోయిన ఏడాది. ఆయన 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారనీ, 1940 జనవరి 22న కన్నుమూశారనీ తెలుసు కనుక ఆ అంకెలకు ముందు గానీ వెనక గానీ ఏ గుర్తూ అక్కర్లేదు. గుర్తు లేకపోవడం కూడా ఒక సమాచారమే. ఈ ఏడాదికి ఆధారం ఉంది, దీన్ని ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు అని సంపాదకుడు హామీ ఇస్తున్నాడన్నమాట.

అదే కోశంలో వెయ్యేళ్ల కిందటి మనిషి పేరు దగ్గరికి వెళ్తే అంకెల ముందు c. అనీ, fl. అనీ, r. అనీ చిన్న అక్షరాలు కనిపిస్తాయి. వీటిలో మొదటి రెండూ లాటిన్ మాటల పొట్టి రూపాలు. కొన్ని పుస్తకాలు c. బదులు ca. అని వేస్తాయి, అర్థం ఒకటే. తెలుగు పుస్తకాల్లో వీటి స్థానంలో ‘సుమారు’, ‘ప్రాంతం’, ‘జీవించిన కాలం’, ‘రాజ్యకాలం’ వంటి మాటలు వాడతారు. మాట ఏదైనా పని ఒకటే: ఆ ఏడాది ఏ రకం ఆధారం నుంచి వచ్చిందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో చదువరికి చెప్పడం. వీటిని అర్థం చేసుకోవడానికి కాశీబుగ్గ చుట్టుపక్కల నేల చాలా అనువైనది. టెక్కలి, సంతబొమ్మాళి, మందస, నరసన్నపేట, ముఖలింగం ప్రాంతాల్లో దొరికిన తూర్పు గంగ రాజుల రాగిరేకుల్లో ఏడాదులు చాలావరకు స్పష్టంగానే ఉన్నాయి. ఆ రాజులు ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పోయారు అన్నది మాత్రం దాదాపు ఎక్కడా లేదు.

ముందుగా ఫ్లోరూయిట్. fl. అంటే ‘వర్ధిల్లాడు’ అని అర్థం. పుట్టుక, మరణం తెలియవు, కానీ ఫలానా ఏడాదిలో ఈ మనిషి బతికి ఉండి పని చేస్తున్నాడని ఆధారం ఉంది అని చెప్పడానికి దీన్ని వాడతారు. దీనికి మంచి ఉదాహరణ రాజు కాదు, ఒక రాయసగాడు. అతని పేరు వినయచంద్రుడు, తండ్రి భానుచంద్రుడు. నరసన్నపేట దగ్గరి ఉర్లాంలో దొరికిన హస్తివర్మ రాగిరేకుల చివర ఈ శాసనం రాసింది తానేనని అతని పేరు ఉంది. ఆ దానం జరిగింది గాంగేయ శకం 80వ ఏట. ముఖలింగం దగ్గరి అచ్యుతాపురంలో దొరికిన ఇంద్రవర్మ రేకుల్లోనూ అదే పేరు ఉంది, అది 87వ ఏడు. ఇంద్రవర్మవే అయిన పర్లాకిమిడి రేకులు 91వ ఏటివి, వాటిలోనూ అతనే. మూడు చోట్లా తండ్రి పేరు భానుచంద్రుడే కనుక ముగ్గురు వినయచంద్రులు కాదు, ఒక్కడేనని చెప్పగలుగుతున్నాం. రాజు మారినా లేఖకుడు మారలేదు.

ఇప్పుడు ఈ ఏళ్లను క్రీస్తు శకంలోకి మార్చాలి. గాంగేయ శకం క్రీ.శ. 498లో మొదలైందన్నది ఎక్కువమంది ఒప్పుకొన్న లెక్క. మొదటి ఏడు 498–99 అయితే 80వ ఏడు 577–78 అవుతుంది, 91వ ఏడు 588–89 అవుతుంది. కాబట్టి కోశంలో ఈ మనిషికి వేయవలసిన పద్దు ఇది:

వినయచంద్రుడు (fl. c. 577–589)

ఈ చిన్న పద్దులో రెండు గుర్తులు రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. fl. అన్నది ఈ రెండు అంకెలూ పుట్టుక, మరణం కావని చెబుతోంది. ఇవి ఈ మూడు రేకుల్లోని మొదటి ఆధారం, చివరి ఆధారం మాత్రమే. అతను 577కు ఎన్నో ఏళ్ల ముందే కొలువులో చేరి ఉండవచ్చు, 589 తరవాత ఎన్నో ఏళ్లు బతికి ఉండవచ్చు. రేపు ఏ పొలంలోనో అతని పేరున్న మరో రేకు దొరికి, దాని మీద 95వ ఏడు ఉంటే, కుడివైపు అంకె 593 అవుతుంది. ఫ్లోరూయిట్ కాలం ఆధారం పెరిగినకొద్దీ రెండు వైపులా పెరుగుతుందే తప్ప, ఉన్న ఆధారం తప్పని తేలితే గానీ తగ్గదు.

c., అంటే సిర్కా, చెప్పేది మరో సంగతి. రేకు మీద 80 అన్న అంకె విషయంలో సందేహం లేదు. సందేహమంతా ఆ శకం ఎప్పుడు మొదలైందన్న దాని మీదే. దాన్ని 498 కంటే నాలుగైదేళ్ల ముందు నుంచి లెక్కించిన చరిత్రకారులూ ఉన్నారు. వారి లెక్కే సరైతే 577 కాస్తా 573 అవుతుంది, దానితోపాటు 589 కూడా 585 అవుతుంది. రెండు అంకెలూ కలిసి ఒకే దిక్కుకు జరుగుతాయి. మధ్యనున్న పదకొండు పన్నెండేళ్ల దూరం మాత్రం చెక్కుచెదరదు. సిర్కా ఉన్నప్పుడు చదువరి గమనించవలసింది ఇదే: కాలరేఖ మీద ఆ మనిషి చోటు కొంచెం అటూ ఇటూ అయినా, అతని పని సాగిన కాలం ఎంతన్నది గట్టిగానే తెలిసి ఉండవచ్చు.

ఫ్లోరూయిట్ నుంచి వయసు లెక్క కట్టడం చాలామందికి కలిగే ఆశ. పురాతన గ్రీకు కాలనిర్ణయకర్త అపొల్లోడోరస్ అలాగే చేశాడు. ఒక మనిషి జీవితంలో ముఖ్యమైన ఘటన ఏదైనా తెలిస్తే, అప్పటికి అతనికి నలభై ఏళ్లు ఉండి ఉంటాయని అనుకుని పుట్టిన ఏడాదిని వెనక్కు లెక్కించేవాడు. పాత పుస్తకాల్లోని గ్రీకు తత్త్వవేత్తల జన్మ సంవత్సరాలు కొన్ని ఇలా పుట్టినవే. ఈ పద్ధతిని వినయచంద్రుడికి పూసి ‘c. 537లో జననం’ అని వేస్తే అది ఆధారం లేని అంకె. సిర్కా తగిలించినంత మాత్రాన దానికి ఆధారం రాదు. ఇరవయ్యేళ్ల కుర్రవాడు శాసనం రాయవచ్చు, అరవయ్యేళ్ల పెద్దవాడూ రాయవచ్చు.

మరి తండ్రి భానుచంద్రుడి సంగతేమిటి? అతని పేరు ఉంది కానీ అతను రాసిన రేకు ఏదీ ఈ మూడింట్లో లేదు. కొడుకు 577లో పని చేస్తున్నాడు కనుక తండ్రి ఆరో శతాబ్దంలో బతికాడని మాత్రం చెప్పవచ్చు. అలాంటప్పుడు ఏడాది వేయకుండా ‘fl. 6వ శతాబ్దం’ అని ఊరుకోవడం పద్ధతి. ఆధారం శతాబ్దం వరకే చూపిస్తే పద్దు కూడా శతాబ్దం దగ్గరే ఆగాలి.

ఇంద్రవర్మ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. టెక్కలి ప్రాంతపు జిర్జింగిలో ఇంద్రవర్మ రాగిరేకులు దొరికాయి, అవి గాంగేయ శకం 39వ ఏటివి. సంతబొమ్మాళిలో దొరికిన ఇంద్రవర్మ రేకులు 87వ ఏటివి. పేరు ఒకటే కదా అని ఒకే పద్దులో వేస్తే ఆ రాజుకు 39 నుంచి 91 వరకు, అంటే యాభై రెండేళ్ల కాలం వస్తుంది. అసాధ్యమేమీ కాదు. కానీ 80వ ఏట దానం చేసిన రాజు హస్తివర్మ. అతను ఈ రెండు కాలాల మధ్యలో నిలబడి ఉన్నాడు. అందుకే చరిత్రకారులు ముందువాణ్ణి మొదటి ఇంద్రవర్మగా, తరవాతివాణ్ణి రెండో ఇంద్రవర్మగా విడదీశారు. ఏ పద్దులోనైనా ఫ్లోరూయిట్ మామూలుకు మించి సాగిందంటే, ఒకే పేరున్న ఇద్దరు అందులో కలిసిపోయారేమోనని అనుమానించాలి. మధ్యలో మరో పేరు ఎక్కడైనా కనిపిస్తుందా అని వెతకడమే దాన్ని తేల్చే దారి.

రెండో ఇంద్రవర్మ రాజు కనుక అతనికి r. వేయాలనిపిస్తుంది. r. అంటే రాజ్యం చేసిన కాలం. అయితే 87, 91 అన్నవి అతను సింహాసనం ఎక్కిన, దిగిన ఏళ్లు కావు. దానాలు చేసిన ఏళ్లు మాత్రమే. 80కి తరవాత, 87కు ముందు ఎప్పుడో అతని పాలన మొదలైందని చెప్పగలం. ముగింపు 91కి ముందు కాదని చెప్పగలం. ఇలాంటి చోట ‘r. 584–589’ అని వేస్తే తప్పు. దాన్ని చూసిన చదువరి ఆ రాజు అయిదేళ్లే పాలించాడనుకుంటాడు. రాజైనా సరే, ఆధారం ఈ రకానిదైతే fl. వేయడమే న్యాయం.

r. నిజంగా ఎలా వస్తుందో చూడాలంటే అయిదు శతాబ్దాలు ముందుకు రావాలి. నడగాం రాగిరేకులు వజ్రహస్తుడనే గంగ రాజువి, శక సంవత్సరం 979 నాటివి. వీటిని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినవారు గిడుగు రామమూర్తే. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా తెలుగువారికి తెలిసిన ఆయన ఈ రేకుల మీద పడ్డ శ్రమ కూడా అంతే గుర్తుంచుకోదగ్గది. వజ్రహస్తుడి శాసనాలు అతనికి ముందు రాజ్యం చేసినవారి పేర్లతోపాటు ఒక్కొక్కరు ఎన్నేళ్లు పాలించారో వరసగా చెబుతాయి. అతని పట్టాభిషేకం శక 960లో, అంటే క్రీ.శ. 1038లో జరిగింది. ఒక గట్టి తేదీ, దానికి ముందు పాలనల పొడవుల జాబితా చేతిలో ఉంటే వెనక్కు నడవవచ్చు.

వజ్రహస్తుడికి ముందు మధుకామార్ణవుడు 19 ఏళ్లు పాలించాడు. 1038 నుంచి 19 తీస్తే 1019. అతనికి ముందు గుండముడు 3 ఏళ్లు, అంటే 1016 నుంచి. అతనికి ముందు కామార్ణవుడు ఆరు నెలలు. అంతకు ముందు అనియంకభీముడన్న బిరుదున్న వజ్రహస్తుడు 35 ఏళ్లు, దానితో 980–81కి చేరతాం. ఇంకా వెనక వినయాదిత్యుడు 3 ఏళ్లు, మరో కామార్ణవుడు 35, మరో గుండముడు 3, వారందరికీ ముందు మరో వజ్రహస్తుడు 44 ఏళ్లు. మొత్తం 142న్నర ఏళ్లు. 1038 నుంచి తీసేస్తే 895–96 వస్తుంది. ఆ తొలి వజ్రహస్తుడి పద్దు ఇలా అవుతుంది:

వజ్రహస్తుడు (r. c. 895–939)

1038కి సిర్కా అక్కర్లేదు, 895కి కావాలి. ఎందుకంటే శాసనం పాలనలను పూర్తి ఏళ్లలో చెప్పింది. ఒక్క కామార్ణవుడి దగ్గరే అర్ధ సంవత్సరం కనిపిస్తుంది. 19 అన్నది పద్దెనిమిదేళ్ల ఎనిమిది నెలలు కావచ్చు, పంతొమ్మిదేళ్ల మూడు నెలలు కావచ్చు. ఒక్క పాలనలో ఆ తేడా కొన్ని నెలలే. అవన్నీ ఒకే వైపు కూడుకుంటే ఎనిమిది పాలనలు దాటేసరికి మూడు నాలుగేళ్ల తేడా వస్తుంది. అందువల్ల 1019కి ఉన్న నమ్మకం 895కి ఉండదు. ఒకే జాబితాలో కిందికి వెళ్లినకొద్దీ సిర్కా బరువు పెరుగుతుంది. పుస్తకంలో మాత్రం అన్నిటికీ అదే c. కనిపిస్తుంది. అందుకే సిర్కా కనబడగానే ఇది ఒక ఏడాది తేడానా, పదేళ్ల తేడానా అని అడిగి, పద్దు కింద ఇచ్చిన వివరంలో జవాబు వెతకాలి. గుర్తు ఒక్కటే ఆ జవాబు ఇవ్వలేదు.

ఈ లెక్కకు మరో హద్దూ ఉంది. వజ్రహస్తుడి మనుమడు అనంతవర్మ చోడగంగుడి కాలంలో, 1118లో వేసిన విశాఖపట్నం రాగిరేకుల్లో వంశావళి ఇంకోలా ఉంది. పేర్లూ, పాలనల పొడవులూ పాత జాబితాతో పొసగవు. అప్పటికి రాజవంశానికి పురాణ గాథ కూడా తోడైంది. రెండు జాబితాలు విభేదించినప్పుడు ఘటనలకు దగ్గరి కాలంలో రాసినదానికే విలువ ఎక్కువ ఇవ్వాలి. పైన చేసిన లెక్కకు నడగాం రేకులను ఆధారం చేసుకున్నది అందుకే.

చోడగంగుడి పద్దు మరో పాఠం. పుస్తకాన్ని బట్టి అతని పట్టాభిషేకం 1077 అని ఒకచోట, 1078 అని ఇంకొకచోట కనిపిస్తుంది. శాసనాల్లో తేడా ఏమీ లేదు, తేడా అంతా మార్పిడిలోనే ఉంది. అతను పట్టం కట్టుకున్నది శక 999లో. శక సంవత్సరానికి 78 కలిపితే 1077. కానీ శక సంవత్సరం ఉగాదికి మొదలై మళ్లీ ఉగాది దాకా సాగుతుంది. కనుక శక 999లో తొలి తొమ్మిది పది నెలలు 1077లోనూ, చివరి రెండు మూడు నెలలు 1078లోనూ పడతాయి. శాసనంలో ఏడాదితోపాటు సూర్యుడు కుంభరాశిలో ఉన్నాడనీ, తిథి, వారం, నక్షత్రం ఫలానావనీ ఉంది. సూర్యుడు కుంభంలో ఉండేది ఏడాది చివర కనుక 78 బదులు 79 కలపాలి. వివరాలన్నీ కలిపి లెక్కిస్తే 1078 ఫిబ్రవరి 17, శనివారం అని తేలుతుంది. తొమ్మిది శతాబ్దాలు దాటిన ఘటనకు రోజుతో సహా తేదీ దొరికిందంటే ఆ రేకు రాసినవాడు పంచాంగం వివరాలు వదలకుండా వేసిన పుణ్యమే.

అంత స్పష్టమైన ఆరంభానికి ముగింపు మాత్రం అలా లేదు. అతని పాలన 1147 ప్రాంతంలో ముగిసిందని ఎక్కువమంది అంటారు, 1150 అన్నవారూ ఉన్నారు. అందుకే పద్దు ‘r. 1078–c. 1147’ అని ఉండాలి. ఇక్కడ సిర్కా రెండో అంకె ముందే ఉంది కనుక ఆ అంకెకే చెందుతుంది. ‘r. c. 1078–1147’ అని చోటు మారిస్తే గట్టి తేదీ మీద అనుమానం పడుతుంది, అనుమానమున్న తేదీ గట్టిదైపోతుంది. వినయచంద్రుడి పద్దులో ఒకే సిర్కా రెండు అంకెలకూ పని చేసింది. అక్కడ రెండిటి సందేహానికీ మూలం ఒకటే కావడం దానికి కారణం. రెండు అంకెల సందేహాలు వేర్వేరు చోట్ల నుంచి వస్తే దేని ముందు దానికి గుర్తు పెట్టడం మంచిది.

శాసనంలో మాసం, తిథి లేక వట్టి శక సంవత్సరం మాత్రమే ఉంటే ఏ అంకె కలపాలో తెలియదు. అప్పుడు మధ్యలో గీత వాలుగా గీసి 1057/58 అని వేస్తారు. ఈ వాలు గీతకూ మామూలు అడ్డగీతకూ తేడా చాలామంది పట్టించుకోరు. 1057/58 అంటే ఆ పని ఈ రెండు ఏళ్లలో ఏదో ఒకదానిలో ఒకేసారి జరిగిందని. 1057–58 అంటే ఒక ఏడాది నుంచి మరో ఏడాది దాకా సాగిందని అనుకునే వీలుంది. శక సంవత్సరాన్ని మొత్తంగా చెప్పడానికి కొందరు అడ్డగీతే వాడతారు కనుక ఆ పుస్తకం ముందుమాటలో ఏ పద్ధతి ఎంచుకున్నారో ఒకసారి చూసుకోవాలి.

మిగిలిన గుర్తులు తేలిక. b. అంటే జననం, d. అంటే మరణం. రెంటిలో ఒకటే తెలిసినప్పుడు వీటిని వేస్తారు. bap. అంటే బాప్తిస్మం. పుట్టిన రోజు రాయని కాలంలో చర్చి రిజిస్టరులో ఉండేది అదే. షేక్‌స్పియర్‌కు 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం ఇచ్చినట్టు నమోదై ఉంది, పుట్టిన రోజు మాత్రం ఊహే. ‘ముందు’, ‘తరవాత’ అన్న మాటలు ఒక వైపు హద్దు మాత్రమే తెలిసినప్పుడు వస్తాయి. నన్నయకు ఇది బాగా సరిపోతుంది. రాజరాజ నరేంద్రుడి నందంపూడి శాసనం 1053 నాటిది, అందులో నన్నయభట్టు పేరు ఉంది. కనుక ఆయన 1053లో జీవించి ఉన్నారని రూఢిగా చెప్పవచ్చు. ‘fl. 1053’ అనడం కచ్చితం, ‘fl. 11వ శతాబ్దం’ అనడం క్షేమం. ‘1053 తరవాత మరణం’ అనడమూ సరైనదే. పుట్టిన ఏడాదిగా ఏ అంకె వేసినా అది ఊహ అవుతుంది.

ప్రశ్నార్థకం అన్నిటికంటే బలహీనమైన గుర్తు. సిర్కా ఉంటే అంకె దగ్గరదగ్గరగా సరైనదేనని అర్థం. ప్రశ్నార్థకం ఉంటే ఆ అంకె పూర్తిగా తప్పు కూడా కావచ్చని అర్థం. కాశీబుగ్గకు ఉత్తరాన ఉన్న మందసలో దొరికిన రాగిరేకులు దీనికి నిదర్శనం. వాటిలో శక సంవత్సరం ఉంది, కానీ దాన్ని అందరూ ఒకేలా చదవలేదు. 913 అన్నవారున్నారు, 976 అన్నవారున్నారు. క్రీస్తు శకంలో మొదటిది 991 ప్రాంతం, రెండోది 1054 ప్రాంతం. ఈ రెంటికీ మధ్యగా ‘c. 1020’ అని వేయడం ఎవరూ చేయకూడని పని. ఎందుకంటే ఆ అంకె ఏ పఠనంలోనూ లేదు. ఒక పఠనాన్ని ఎంచుకుని ‘991?’ అనో ‘1054?’ అనో వేసి, రెండో పఠనాన్ని వివరంలో చెప్పాలి. లేదా ‘991 లేదా 1054’ అని రెండూ వేయాలి. ఆ రేకుల్లో పేరున్న మనుషులందరి పద్దులకూ అదే గుర్తు వర్తిస్తుంది. వారి ఫ్లోరూయిట్‌కు వేరే ఆధారం దొరికేదాకా ఆ ప్రశ్నార్థకం తీయడానికి లేదు.

ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి పద్దు ఎక్కేటప్పుడు ముందుగా రాలిపోయేవి ఈ గుర్తులే. ‘fl. c. 577–589’ నుంచి c. పోతే ‘fl. 577–589’ అవుతుంది, ఆ పైన fl. కూడా పోతే ‘577–589’ మిగులుతుంది. అప్పుడు వినయచంద్రుడు పన్నెండేళ్లకే చనిపోయిన పిల్లవాడవుతాడు. పాతకాలపు పద్దులో ఏడాదులు మరీ దగ్గరగా ఉంటే, లేదా పసివయసులోనే గ్రంథాలు రాసినట్టు లెక్క తేలితే, ఎక్కడో గుర్తు రాలిందని అనుకుని మూల గ్రంథం తీసి చూడాలి.